శాతం చూసి శిక్ష వేయకండి: డిగ్రీ విద్యార్థుల కాపీ గురించి అకడమిక్ కమిటీలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన అకడమిక్ కమిటీ సభ్యులకు, విభాగాధిపతులకు,

నమస్కారం.

డిగ్రీ విద్యార్థుల అసైన్‌మెంట్లలో, ప్రాజెక్టు రిపోర్టుల్లో కాపీ పెరిగిపోయిందని, దాన్ని ఆపడానికి ఒక గట్టి నియమం కావాలని మీలో చాలామంది అంటున్నారు. చర్చ ఎక్కడ మొదలైనా చివరికి తేలే నియమం దాదాపు ఒకటే. విద్యార్థి రాతను ఇప్పటికే ఉన్న రచనలతో పోల్చే సాఫ్ట్‌వేర్ చూపించిన పోలిక ఇంత శాతం దాటితే సున్నా, ఇంకాస్త దాటితే సస్పెన్షన్. చాలాకాలంగా నేను మొదటి సంవత్సరం విద్యార్థులకు వ్యాసరచన చెబుతున్నాను. కాపీ ఆరోపణలను విచారించే కమిటీల్లో కూడా కూర్చున్నాను. ఆ నియమం పెట్టవద్దని, ఇప్పటికే ఉన్నచోట తీసేయమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. కాపీని చూసీ చూడనట్టు వదిలేయమని నేను అనడం లేదు. ఆ నియమం మోసం చేసినవాణ్ణి వదిలేసి, రాయడం ఇంకా చేతకాని పిల్లల్ని పట్టుకుంటోంది. నా అభ్యంతరమంతా అక్కడే.

ఒక కేసు చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, ఒకటి కంటే ఎక్కువ కేసుల్లో చూసినవి కలిపాను. పశువుల పెంపకంలో యాంటీబయోటిక్‌ల వాడకం బ్యాక్టీరియా నిరోధకతకు ఎలా దారితీస్తుందో 1500 పదాల్లో రాయమన్నది ప్రశ్న. ఒక అమ్మాయి వ్యాసానికి సాఫ్ట్‌వేర్ 34 శాతం పోలిక చూపించింది. అదే క్లాసులో ఒక అబ్బాయి వ్యాసానికి 9 శాతం వచ్చింది. హద్దు 20 అనుకుంటే అమ్మాయికి సున్నా, అబ్బాయికి మంచి మార్కులు. ఎవరూ ఆ రిపోర్టు తెరిచి చూడనవసరం లేదు. పై పేజీలో అంకె ఉంది, అది చాలు.

ఇప్పుడు ఆ రిపోర్టులు తెరుద్దాం. అమ్మాయి 34లో 8 శాతం చివర ఉన్న సంప్రదించిన గ్రంథాల జాబితాదే. ఒకే పుస్తకాన్ని ఇద్దరు సంప్రదిస్తే ఆ పుస్తకం పేరు, రచయిత పేరు, సంవత్సరం ఇద్దరి జాబితాలోనూ ఒకేలా ఉంటాయి, వేరేలా ఉంటేనే తప్పు. మరో 5 శాతం ఆమె కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఎవరివో చెప్పి వాడిన మాటలు. సంస్థల పేర్లు, అందరూ ఒకేలా రాసే నిర్వచనాలు, మందుల పేర్లు కలిపి ఇంకో 4. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 17. అంటే సుమారు 250 పదాలు. ఆ 250 పదాలూ వ్యాసమంతా లేవు, మధ్యలో రెండే పేరాల్లో ఉన్నాయి. రెండూ ఒకే సమీక్షా వ్యాసం నుంచి వచ్చాయి. రెండు పేరాల చివరా ఆ వ్యాసం పేరు ఆమె రాసింది. అంటే ఎక్కడి నుంచి తీసుకుందో దాచలేదు.

అబ్బాయి 9 శాతం పూర్తిగా గ్రంథాల జాబితాదే. వ్యాసం నున్నగా ఉంది. కానీ చదివితే అది మనం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. మూడు వంతులు ఆసుపత్రుల్లో యాంటీబయోటిక్‌ల గురించే ఉంది, పశువుల సంగతి చివర ఒక్క పేరాలో అతికించినట్టు ఉంది. అతను ఉదహరించిన వ్యాసాల్లో ఒక్కటి కూడా క్లాసులో ఇచ్చిన పఠన జాబితాలో లేదు. పిలిచి, ‘నీ మూడో పేరాలో ప్లాస్మిడ్ అన్నావు కదా, అది ఇక్కడ ఏం పని చేస్తోంది?’ అని అడిగితే ఆ మాట తన వ్యాసంలో ఉందని కూడా అతనికి తెలియదు. వ్యాసం రాసింది వేరేవాళ్లు, డబ్బు తీసుకుని. కొత్తగా రాసిచ్చిన వ్యాసానికి ఇంటర్నెట్‌లో పోలిక ఎక్కడ దొరుకుతుంది? సాఫ్ట్‌వేర్ వెతికేది పదాల వరుసలను మాత్రమే. ఎవరు రాశారన్నది దాని పని కాదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో బాగా వాడకంలో ఉన్న టర్నిటిన్‌నే తీసుకోండి. తాము చూపించేది పోలిక మాత్రమేనని, అది కాపీనా కాదా అన్నది అధ్యాపకులే తేల్చాలని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. కొటేషన్లను, గ్రంథాల జాబితాను, చిన్న చిన్న పోలికలను లెక్కలోంచి తీసేసే సెట్టింగులు అందులోనే ఉన్నాయి. ఒక అధ్యాపకుడు వాటిని ఆన్ చేసి, పక్క సెక్షన్ అధ్యాపకుడు చేయకపోతే, ఒకే వ్యాసానికి రెండు అంకెలు వస్తాయి. మనం పెట్టే హద్దు ఆ తేడాను పట్టించుకోదు. విద్యార్థి భవిష్యత్తు మాత్రం ఆ తేడా మీద ఆధారపడుతుంది.

ఆ అమ్మాయి 250 పదాల దగ్గరకు మళ్లీ వస్తాను. అసలు విషయం అక్కడే ఉంది. మూల వ్యాసంలో ఒక వాక్యం ఇలా ఉందనుకోండి: ‘యాంటీబయోటిక్‌లను అవసరం లేకుండా వాడటం వల్ల, వాటిని తట్టుకోగల బ్యాక్టీరియా మిగిలి, వేగంగా పెరిగి, చివరికి ఆ మందు పనిచేయని స్థితి వస్తుంది.’ విద్యార్థిని రాసింది ఇది: ‘యాంటీబయోటిక్‌లను అనవసరంగా ఉపయోగించడం వలన, వాటిని ఎదుర్కోగల బ్యాక్టీరియా నిలిచి, త్వరగా వృద్ధి చెంది, ఆఖరికి ఆ ఔషధం పనిచేయని పరిస్థితి ఏర్పడుతుంది.’

రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. మాటలు మారాయి, వాక్యం మారలేదు. మూలంలో కామా ఉన్నచోటే ఇక్కడా కామా ఉంది. మూలం ఏ వరుసలో చెప్పిందో ఇదీ అదే వరుసలో చెప్పింది. మూల వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని, ఒక్కో మాట తీసి దానికి దగ్గరి మాట పెట్టుకుంటూ పోయిన రాత ఇది. రాత బోధించేవాళ్లకు ఇది బాగా తెలుసు. అమెరికాలో రచనా బోధన మీద పనిచేసిన రెబెకా మూర్ హోవర్డ్ 1990లలో దీనికి ప్యాచ్‌రైటింగ్ అని పేరు పెట్టారు. మనం అతుకుల రాత అనుకోవచ్చు. దీన్ని దొంగతనంగా చూడటం సరికాదని, కొత్త రంగంలో అడుగుపెట్టిన విద్యార్థి ఆ రంగం భాషను నేర్చుకునే క్రమంలో వచ్చే ఒక దశగా చూడాలని ఆమె వాదించారు.

ఇది అంగీకరించడానికి కొందరికి కష్టంగా ఉంటుంది. మాటలు మార్చిందంటే దొరక్కూడదనే కదా మార్చింది, అంటారు. కానీ దాచాలనుకున్నవాళ్లు పేరా చివర మూలం పేరు ఎందుకు రాస్తారు? అమ్మాయిని అడిగినప్పుడు ఆమె చెప్పింది వినండి. ‘ఉన్నది ఉన్నట్టు రాస్తే కాపీ అవుతుంది, సొంత మాటల్లో రాయాలి అని చెప్పారు మేడమ్. అందుకే నాకు తెలిసినంతవరకు ప్రతి మాటా మార్చాను.’ మనం చెప్పిన నియమాన్ని ఆమె అక్షరాలా పాటించింది. సొంత మాటలంటే ఏమిటో మనం చెప్పలేదు.

విషయం అర్థమైనవాళ్లు ఆ వాక్యాన్ని ఎలా రాస్తారు? మూలం మూసేసి రాస్తారు. బహుశా ఇలా ఉంటుంది: ‘మందు బ్యాక్టీరియాను మొండిగా మార్చదు. లొంగేవాటిని చంపి, అప్పటికే మొండిగా ఉన్నవాటికి చోటు ఖాళీ చేస్తుంది. అందుకే జబ్బు లేని పశువుకు ఇచ్చిన డోసు కూడా ఊరికే పోదు.’ ఇందులో మూల వాక్యం నీడ లేదు. కారణం కనిపిస్తోంది, అడిగిన ప్రశ్నతో ముడి కూడా పడింది. మొదటి రకం రాతకూ ఈ రాతకూ మధ్య ఉన్నది నిజాయితీలో తేడా కాదు, అర్థం చేసుకోవడంలో తేడా. ఇలా రాయాలంటే ఒక్కో వాక్యం కాకుండా మొత్తం వ్యాసం చదవాలి, పక్కన పెట్టాలి, గుర్తున్నదాన్ని చెప్పుకోవాలి, మళ్లీ మూలంతో సరిచూసుకోవాలి. ఇది ఎవరైనా నేర్పాలి. మనం ఎప్పుడు నేర్పాం?

హోవర్డ్, ఆమె సహచరులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం నాకు చాలాసార్లు గుర్తొస్తుంది. ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థులు రాసిన 18 వ్యాసాలను తీసుకుని, వాటిలో ఉదహరించిన ప్రతి మూలాన్నీ వెతికి పట్టుకుని, పక్కన పెట్టి చదివారు. ఒక్క వ్యాసంలో కూడా మూలం మొత్తం ఏం చెబుతోందో క్లుప్తంగా చెప్పిన చోటు కనబడలేదు. విద్యార్థులందరూ వాక్యాలతోనే పని చేశారు. ఒక వాక్యం తెచ్చుకోవడం, దాన్ని కొటేషన్‌లో పెట్టడమో, అటూ ఇటూ తిప్పడమో, అలాగే దించేయడమో. చిన్న అధ్యయనం, దాన్నుంచి అన్ని చోట్లకూ లెక్కలు గట్టకూడదు. కానీ వ్యాసాలు దిద్దే ప్రతి అధ్యాపకుడికీ ఆ వర్ణన వెంటనే తెలిసినట్టు అనిపిస్తుంది. మొత్తం చదవనివాళ్ల దగ్గర చెప్పడానికి సొంత మాట ఉండదు, వాక్యాలు మాత్రమే ఉంటాయి. మనం కాపీ అంటున్నదాంట్లో చాలా భాగం నిజానికి చదవలేకపోవడం.

తన భాష కాని భాషలో చదివి రాసేవాళ్లకు ఇది రెండింతలు. డయాన్ పెకోరారీ 2003లో బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థుల రాతను వాళ్లు వాడిన మూలాలతో పోల్చి చూశారు. వాళ్లు డిగ్రీ కాదు, పైచదువుల్లో ఉన్నవాళ్లు. అయినా వాళ్ల రాతలో అతుకులు బాగానే కనిపించాయి. మోసం చేయాలన్న ఉద్దేశం మాత్రం వాళ్లతో మాట్లాడినప్పుడు కనబడలేదు. పైచదువుల్లో ఉన్నవాళ్లకే అలా ఉంటే, పద్దెనిమిదేళ్ల వయసులో మొదటిసారి పరిశోధనా వ్యాసం చేతిలోకి తీసుకున్న పిల్లల నుంచి మనం ఏం ఆశిస్తున్నాం?

పోలిక శాతంలో ఇంకో అన్యాయం ఉంది, దీన్ని కమిటీలు దాదాపు ఎప్పుడూ గమనించవు. పైన ఇచ్చిన వాక్యంలాగా ప్రతి మాటా మార్చేస్తే సాఫ్ట్‌వేర్‌కు వరుసగా కలిసే పదాలు దొరకవు, అంకె పెద్దగా పెరగదు. సగం మాటలు మార్చి సగం వదిలేస్తే పెరుగుతుంది. ఎవరు సగం వదిలేస్తారు? దగ్గరి మాట తెలియనివాళ్లు. అంటే ఒకే పని చేసిన ఇద్దరిలో పదసంపద ఎక్కువ ఉన్నవాళ్లు తప్పించుకుంటారు, తక్కువ ఉన్నవాళ్లు దొరికిపోతారు. మన అమ్మాయి మిగతా వాక్యాల్లో చాలా మాటలు అలాగే ఉండిపోయాయి, ఆ 250 పదాలు ఎర్రగా మెరిసింది అందుకే. తర్వాతి బ్యాచ్ విద్యార్థులు దీన్నుంచి నేర్చుకునే పాఠం ఒక్కటే, ఇంకా ఎక్కువ మాటలు మార్చాలి. రిపోర్టు ముందే చూసుకుని, రంగు పడ్డచోట మాట మార్చి, మళ్లీ అప్‌లోడ్ చేసి, అంకె హద్దు కిందకు దిగేదాకా ఇదే పని. ఆ టెన్షన్‌లో ఒక రాత్రంతా గడిపిన విద్యార్థికి యాంటీబయోటిక్‌ల గురించి ఒక్క ముక్క కూడా అదనంగా తెలియదు.

ఇక కారణాల్లో మిగతావి త్వరగా చెబుతాను, అవి మీకు తెలిసినవే. బడిలో పుస్తకంలోని వాక్యాన్ని పొల్లుపోకుండా రాస్తే మంచి విద్యార్థి అన్న పేరు వచ్చిన పిల్లలకు, డిగ్రీలో అడుగుపెట్టగానే అదే పని నేరమవుతుంది. ఈ మార్పు వాళ్లకు ఎవరూ చెప్పరు. ఐదు సబ్జెక్టుల అసైన్‌మెంట్ల గడువు ఒకే వారంలో పడుతుంది, ఎందుకంటే ఐదుగురు అధ్యాపకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఏటా అదే ప్రశ్న ఇస్తాం, దాని జవాబు సీనియర్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. నోట్సు రాసుకునేటప్పుడు ఏది పుస్తకంలో మాట, ఏది తన మాట అన్న గుర్తు పెట్టుకోకపోవడం వల్ల రెండు వారాల తర్వాత అన్నీ తనవే అనిపిస్తాయి. ఇది విద్యార్థులు చెప్పే సాకు అని కొందరు అంటారు. కావచ్చు, కానీ పరీక్షించడం తేలిక. నోట్సు చూపించమనండి. నిజంగా అలా జరిగితే ఆ వాక్యం నోట్సులో కొటేషన్ గుర్తులు లేకుండా కనబడుతుంది.

కాపీ అంతా తెలియక జరిగేదే అని కూడా నేను అనను. డబ్బిచ్చి రాయించుకున్న అబ్బాయికి తను చేస్తున్నది ఏమిటో బాగా తెలుసు. స్నేహితుడి ఫైలు తీసుకుని పేరు మార్చి ఇచ్చినవాళ్లకూ తెలుసు. నేను అడుగుతున్నది ఈ రెండు రకాలనూ విడదీసే పద్ధతి. రెండూ ఒకే రిజిస్టర్‌లో ఒకే పేరుతో నమోదైతే, తెలియనివాళ్లకు దొంగ అన్న ముద్ర, తెలిసినవాళ్లకు ‘అందరూ చేసేదే’ అన్న ధీమా మిగులుతాయి.

శాతాల హద్దులు మనకు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడాలి. అందరూ ఉదహరించేది భారతదేశంలో యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలను. 10 శాతం దాకా శిక్ష లేదు, 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అని మూడు స్థాయిలు. కానీ ఆ నిబంధనల్లోనే నిర్వచనాలు చదవండి. అవి పీజీ, పరిశోధన డిగ్రీల కోసం ఇచ్చే థీసిస్‌లకు, ప్రచురణలకు ఉద్దేశించినవి. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, వ్యాసాలు, జవాబు పత్రాలను అందులోంచి స్పష్టంగా మినహాయించారు. పైగా కొటేషన్లు, గ్రంథాల జాబితా, విషయసూచిక, చట్టాలు, సమీకరణాలు లెక్కలోకి రాకూడదని, వరుసగా 14 పదాల దాకా యాదృచ్ఛికంగా కలిస్తే పట్టించుకోనవసరం లేదని కూడా అందులో ఉంది. మినహాయింపులన్నీ వదిలేసి అంకెలను మాత్రం తెచ్చి మొదటి సంవత్సరం అసైన్‌మెంట్‌కు తగిలించడం ఆ నిబంధనలు రాసినవాళ్ల ఉద్దేశం కాదు.

బ్రిటన్‌లో ఇంకో దారి పట్టారు. ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కో శిక్ష పడుతోందని గమనించి, 2010లో అక్కడ ఒక ప్రామాణిక పాయింట్ల పట్టిక తయారుచేశారు. ఎంత భాగం కాపీ అన్నదొక్కటే కాకుండా, ఇది మొదటిసారా, విద్యార్థి ఏ సంవత్సరంలో ఉన్నాడు, ఆ పనికి ఎంత విలువ ఉంది అన్నవి కూడా కలిపి పాయింట్లు వేస్తారు. మొదటి సంవత్సరం విద్యార్థికీ చివరి సంవత్సరం విద్యార్థికీ తేడా చూపడం, ఏ అధ్యాపకుడి చేతిలో పడ్డా శిక్ష ఒకేలా ఉండటం, ఇవి నాకు నచ్చాయి. నచ్చని అంశం ఒకటుంది. దొరక్కుండా ఉండేందుకు కావాలని మాటలు, వాక్యాలు మార్చినట్టు ఆధారం ఉంటే అదనంగా పాయింట్లు పడతాయి. కావాలని అన్నది ఎలా తేలుస్తారు? వ్యాసం చూసి మాత్రమే తేల్చితే, మన అమ్మాయి మాటలు మార్చినందుకే ఇంకా పెద్ద శిక్షకు అర్హురాలవుతుంది. పట్టిక ఎంత జాగ్రత్తగా రాసినా, విద్యార్థితో మాట్లాడకుండా ఉద్దేశం తెలియదు.

అందుకే నా మొదటి విన్నపం మాట్లాడమనే. రిపోర్టులో అనుమానం వస్తే, ఆరోపణ పత్రం పంపే ముందు అధ్యాపకుడు విద్యార్థిని పిలిచి పది పదిహేను నిమిషాలు వ్యాసం గురించి మాట్లాడాలి. ముందురోజే కబురు పెట్టి, నోట్సు, చిత్తుప్రతులు, చదివిన వ్యాసాలు వెంట తెచ్చుకోమనాలి. అడగాల్సిన ప్రశ్నలు కష్టమైనవి కానక్కర్లేదు. ఈ పేరాలో చెప్పదలుచుకున్నది ఏమిటి, ఈ మూలం ఎలా దొరికింది, దీన్ని ఎందుకు ఎంచుకున్నావు, రాసేటప్పుడు ఏది ఎదురుగా ఉంది. అతుకుల రాత రాసినవాళ్లు మూలాన్ని వెంటనే చూపిస్తారు, విషయం సగం సగం చెబుతారు, ఎక్కడ చిక్కుకున్నారో అక్కడ ఆగిపోతారు. రాయించుకున్నవాళ్లు మూలం ఎక్కడుందో చెప్పలేరు, చిత్తుప్రతి ఉండదు, వ్యాసంలోని ముఖ్యమైన మాటకు అర్థం తెలియదు. ఈ తేడా నేను విచారించిన కేసుల్లో చాలా స్పష్టంగా కనిపించింది.

దీనికి పరిమితులు ఉన్నాయి, అవి కూడా రాసి పెట్టుకోవాలి. పెద్దవాళ్ల ముందు నోరు పెగలని పిల్లలు ఉంటారు. నత్తి ఉన్నవాళ్లు, భయపడితే తెలిసిందీ మరిచిపోయేవాళ్లు ఉంటారు. మౌనాన్ని రుజువుగా తీసుకోకూడదు, కావాలంటే రాసి చెప్పనివ్వాలి. ఫైలు వివరాల్లో వేరే పేరు కనిపించడం కూడా రుజువు కాదు. కంప్యూటర్ అరువు తెచ్చుకున్న ప్రతి విద్యార్థి ఫైలులోనూ అలాంటి పేరు ఉంటుంది. ఒక్క ఆధారం మీద నిలబడకుండా, రెండు మూడు ఒకే వైపు చూపిస్తున్నప్పుడే కేసు ముందుకు వెళ్లాలి.

ముందుకు వెళ్లినప్పుడు, ఆరోపించిన అధ్యాపకుడే తీర్పు చెప్పకూడదు. ఏ వాక్యాలు, ఏ మూలం నుంచి వచ్చాయో పక్కపక్కన పెట్టి విద్యార్థికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ‘మీ వ్యాసంలో 34 శాతం కాపీ ఉంది’ అన్న వాక్యానికి ఏ విద్యార్థీ జవాబు చెప్పలేడు. ‘మీ నాలుగో పేరాలోని ఈ మూడు వాక్యాలు ఈ వ్యాసం రెండో పేజీ నుంచి వచ్చాయి’ అంటే చెప్పగలడు. జవాబుకు కనీసం వారం గడువు, తోడుగా ఒకరిని తెచ్చుకునే వీలు, పైకి అప్పీలు చేసుకునే దారి ఉండాలి. తేలేదాకా ఆ పేరు స్టాఫ్ రూములో చర్చకు రాకూడదు. నోటీసు బోర్డు సంగతి చెప్పనే అక్కర్లేదు.

అతుకుల రాత అని తేలితే చేయాల్సింది ఆ రెండు పేరాలను మళ్లీ రాయించడం. ఒక పద్ధతి చెబుతాను, నేను వాడేది ఇదే. మూలాన్ని చదివించి, మూయించి, దాన్ని చదవని స్నేహితురాలికి చెబుతున్నట్టు నాలుగు వాక్యాలు నోటితో చెప్పమంటాను. చెప్పింది రాయమంటాను. తర్వాత మూలం తెరిచి తప్పులు సరిచేసుకోమంటాను, ఏదైనా మాట అలాగే వచ్చి ఉంటే దాన్ని కొటేషన్‌లో పెట్టడమో మార్చడమో చేయమంటాను. అరగంట పడుతుంది. మొదటిసారి వచ్చే నాలుగు వాక్యాలు ముతకగా ఉంటాయి, వ్యాకరణం తప్పుతుంది, కానీ అవి ఆ విద్యార్థివే. మార్కులు ఆ కొత్త పేరాలకూ, మిగిలిన వ్యాసానికీ కలిపి వేయాలి. కాస్త తగ్గించినా ఫర్వాలేదు. ఒక చిన్న నమోదు విభాగం దగ్గర ఉంటుంది, మార్కుల పత్రంలోకి ఎక్కదు. నేర్పిన తర్వాత కూడా రెండో సంవత్సరంలో అదే పని చేస్తే అప్పుడు ఆ నమోదు చూసి గట్టిగా వ్యవహరించవచ్చు.

రాయించుకున్నట్టు తేలితే ఆ పనికి సున్నా, నమోదు, మళ్లీ జరిగితే కోర్సు ఫెయిల్. ఇక్కడ నాకు మెతకదనం లేదు. ఫైలు ఇచ్చిన స్నేహితుడి విషయంలో మాత్రం ఆగి చూడాలి. ‘ఎలా రాశావో ఒకసారి చూస్తాను’ అని అడిగితే ఇచ్చినవాడికీ, అమ్మినవాడికీ ఒకే శిక్ష వేయకూడదు.

ల్యాబ్ రికార్డుల సంగతి వేరుగా చూడాలి. ప్రయోగ విధానాన్ని అరవై మంది ఒకేలా రాస్తారు, ఎందుకంటే ప్రయోగం ఒకటే. అక్కడ చూడాల్సింది రీడింగులు. ఇద్దరి రీడింగులు చివరి అంకె దాకా కలిస్తే అప్పుడు మాట్లాడాలి. న్యాయశాస్త్ర విద్యార్థి చట్టంలోని సెక్షన్‌ను సొంత మాటల్లో రాస్తే అదే తప్పు. ప్రోగ్రామింగ్‌లో అందరికీ ఇచ్చిన ఆరంభ కోడ్ పోలికలో వస్తుంది. ఒకే శాతాన్ని అన్ని విభాగాలకూ వర్తింపజేయాలనుకునేవాళ్లు ముందు ఈ మూడింటికీ జవాబు చెప్పాలి.

ఇంత సమయం ఎక్కడిది అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అరవై మంది ఉన్న క్లాసులో అందరితో మాట్లాడలేం. అవసరం కూడా లేదు. సెట్టింగులు సరిచేసి, మొత్తం అంకె చూడకుండా ఒకే మూలం నుంచి వచ్చిన అతి పెద్ద పోలికను చూస్తే, నా అనుభవంలో మాట్లాడాల్సినవాళ్లు ఏడెనిమిది మంది తేలతారు. తక్కువ అంకె వచ్చిన వ్యాసాల్లో కూడా కొన్నింటిని చీటీ తీసి పిలవాలి, లేకపోతే రాయించుకున్నవాళ్లు ఎప్పటికీ మన ముందుకు రారు. ఈ పనిని అధ్యాపకుల పనిభారంలో గంటలుగా లెక్కగట్టాలి. లెక్కగట్టకపోతే ఎవరూ చేయరు, మళ్లీ అంకె దగ్గరకే వస్తారు. వాళ్లను తప్పుపట్టలేను.

ముందుగా నేర్పడం దీనికంటే చవక. థామస్ డీ, బ్రయాన్ జేకబ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని ఒక కాలేజీలో చేసిన ప్రయోగం 2010లో బయటికి వచ్చింది. కొన్ని కోర్సులను లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడి విద్యార్థులు వ్యాసం ఇచ్చేముందు కాపీ అంటే ఏమిటో, మూలాన్ని ఎలా వాడాలో చెప్పే చిన్న ఆన్‌లైన్ పాఠం పూర్తి చేయాలన్నారు. మిగతా కోర్సుల్లో ఏమీ చెప్పలేదు. తర్వాత 1200కు పైగా వ్యాసాలు పరిశీలించారు. పాఠం చదివిన కోర్సుల్లో కాపీ బాగా తగ్గింది. ప్రవేశ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో ఎక్కువ తగ్గింది. దొరికిపోతామన్న భయం పెరగడం వల్ల కాదు, విషయం తెలియడం వల్లే తగ్గిందని వాళ్లు తేల్చారు. తెలియకపోవడం ఎంత పెద్ద కారణమో దీన్నుంచి తెలుస్తోంది. ఒక చిన్న పాఠంతో అంత మార్పు వస్తే, మొదటి సెమిస్టర్‌లో రెండు మూడు క్లాసులు చదవడానికీ, మూసి చెప్పడానికీ కేటాయిస్తే ఇంకెంత వస్తుందో చూడాలని నాకు ఉంది.

ప్రశ్నలు కూడా మారాలి. ‘యాంటీబయోటిక్ నిరోధకత గురించి రాయండి’ అంటే జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. ‘ఈ రెండు వ్యాసాలు ఏ విషయంలో విభేదిస్తున్నాయి, మీకు ఏది సరైనదనిపించింది, ఎందుకు’ అంటే రెండూ చదవక తప్పదు. గడువుకు పది రోజుల ముందు ఒక పేజీ చిత్తుప్రతి, వాడిన మూలాల జాబితా ఇమ్మంటే, రాయించుకునేవాళ్లకు దారి ఇరుకవుతుంది. అతుకులు వేసేవాళ్లను తప్పు కాకముందే పట్టుకోగలం. మన స్లైడ్‌లలో, మనం పంచే నోట్సులో మూలాల పేర్లు రాయడం కూడా ఇందులో భాగమే. విద్యార్థులు మనం చెప్పిందాని కంటే చేసిందే చూస్తారు.

నిజాయితీగా రాసిన పిల్లలకు ఇది అన్యాయం కాదా అని ఒక సహాధ్యాపకుడు నన్ను గట్టిగా అడిగారు. రాత్రంతా కూర్చుని సొంతంగా రాసిన అమ్మాయికీ, అతుకులు వేసి మళ్లీ రాసే అవకాశం పొందిన అమ్మాయికీ తేడా ఉండొద్దా అని. ఉండాలి. ఆ తేడా మార్కుల్లో ఉంటుంది, ఎందుకంటే సొంతంగా రాసిన వ్యాసం మెరుగ్గా ఉంటుంది. కానీ నిజాయితీగా రాసినవాళ్లకు అసలు అన్యాయం చేస్తున్నది 9 శాతంతో దాటిపోతున్న అబ్బాయి. మన నియమం అతని జోలికే వెళ్లడం లేదు.

అందువల్ల నేను కోరేది ఇవి. శాతాన్ని బట్టి తనంతట తాను పడే శిక్షను రద్దు చేయండి. అనుమానం వచ్చిన ప్రతి కేసులో ఆరోపణకు ముందు మాట్లాడటాన్ని తప్పనిసరి చేసి, అందుకు గంటలు ఇవ్వండి. మొదటి సెమిస్టర్ పాఠ్యప్రణాళికలో మూలాలతో రాయడానికి చోటు ఇవ్వండి. ఈ సెమిస్టర్‌లో అంకె చూసి ఇప్పటికే సున్నా వేసిన వ్యాసాలు మీ విభాగాల్లో ఉంటాయి. ఫలితాలు ప్రకటించకముందే ఆ రిపోర్టులు తెరిచి, గ్రంథాల జాబితా తీసేసి, మిగిలిన వాక్యాలను మూలం పక్కన పెట్టి చదవండి. ఆ విద్యార్థులను పిలవండి.

ఇట్లు,
మొదటి సంవత్సరం విద్యార్థులకు రచన బోధించే ఒక అధ్యాపకురాలు